అప్రైజల్‌లో ఎవరి వంతు ఎప్పుడు?

మార్చి నెలలో ఓ రోజు ఉదయం పదకొండింటికి ఆఫీసు మెయిల్ ఒకటి వస్తుంది. "అప్రైజల్ మీటింగుల షీట్ పెట్టాం. మీకు వీలైన టైమ్ దగ్గర పేరు రాసుకోండి." పావుగంట తిరక్కుండా మంచి టైములన్నీ అయిపోతాయి. ఆ సమయానికి సీట్లో ఉన్నవాళ్లు, వేరే మీటింగులో ఇరుక్కోనివాళ్లు వాటిని పట్టేస్తారు. రాత్రంతా పనిచేసి పొద్దున ఏడింటికి ఇల్లు చేరిన మనిషి అప్పటికి గాఢ నిద్రలో ఉంటాడు. సాయంత్రం లేచి ఫోన్ చూసుకునేసరికి మిగిలేది మధ్యాహ్నం మూడున్నర. మిగతావాళ్లకు అది మామూలు మధ్యాహ్నమే కానీ, అతనికి నడిరాత్రి లెక్క.

ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతిలో పక్షపాతం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ షీట్ తెరిచిన నిమిషానికి ఎవరు ఖాళీగా ఉన్నారన్నదే అక్కడ అసలు అర్హత. దీనికి బదులు చాలా ఆఫీసుల్లో నడిచే రెండో పద్ధతి మేనేజరే జాబితా వేసుకోవడం. అది ఇంకా చిక్కు. మనిషి సహజంగా తేలికైన మాటలు ముందు పెట్టుకుంటాడు, కష్టమైనవి చివరికి నెడతాడు. బాగా పనిచేసినవాళ్లు సోమవారం ఉదయం కాఫీతో, చివాట్లు తినాల్సినవాళ్లు ఆఖరి శుక్రవారం సాయంత్రం. రెండేళ్లు గడిచేసరికి ఈ వరస ఆఫీసంతటికీ అర్థమైపోతుంది. "నిన్ను ఏ రోజు పిలిచారు?" అని అడిగి, జవాబును బట్టి రేటింగ్ ఊహించేస్తారు. గదిలోకి వెళ్లకముందే ఫలితం తెలిసిపోయిందనుకున్న మనిషి లోపల ఏం వింటాడు?

కాబట్టి ఎవరి వంతు ఎప్పుడన్నది ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడకూడదు, పద్ధతి అందరికీ ముందే కనబడాలి. ఇదెలా చేస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం.

హైదరాబాద్‌లో ఓ కస్టమర్ సపోర్ట్ విభాగం అనుకోండి. మేనేజర్ కింద 24 మంది. వారిలో 18 మంది పగటి షిఫ్టు, ఆరుగురు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు. పగటివాళ్లలో ఇద్దరు విశాఖ నుంచి ఇంటి దగ్గరే పనిచేస్తారు, వాళ్లతో మాట వీడియోలో. మీటింగులకు రెండు వారాలు, అంటే పది పనిదినాలు కేటాయించారు. ఈ పది రోజులు నిజంగా పదేనా అన్నది ముందు క్యాలెండర్‌లో చూసుకోవాలి. అప్రైజల్ సీజన్‌లోనే ఉగాది, శ్రీరామనవమి, గుడ్ ఫ్రైడే వస్తుంటాయి. రంజాన్ నెల కూడా ఒక్కో ఏడాది ఈ రోజుల్లోనే పడుతుంది.

మొదటి లెక్క రోజుకు ఎంతమందితో కూర్చోవచ్చన్నది. మీటింగ్ 45 నిమిషాలు. అయ్యాక పావుగంట, విన్నది మరచిపోకముందే రాసుకోవడానికి. దానికి ముందు ఆ ఉద్యోగి పంపిన ఫామ్ చదవడానికి ఓ 20 నిమిషాలు. మనిషికి 80 నిమిషాలైతే ముగ్గురికి నాలుగు గంటలు. మేనేజర్‌కు రోజువారీ పని ఎటూ తప్పదు కనుక ముగ్గురే హద్దు. రోజుకు ఆరుగురిని పెట్టుకుని నాలుగు రోజుల్లో ముగించేద్దామనే ఉత్సాహం చాలామందికి ఉంటుంది. మూడో మనిషి దాటాక మేనేజర్ ప్రశ్నలు కురచబడతాయి, నాలుగో మనిషి చెప్పింది రెండో మనిషి ఖాతాలో పడుతుంది.

అలసట తీర్పును మారుస్తుందా అన్న చర్చకు ఇజ్రాయెల్ పెరోల్ బోర్డుల మీద 2011లో వచ్చిన పరిశోధనను తరచూ చెబుతారు. విరామం తీసుకున్న వెంటనే వచ్చిన ఖైదీలకు అనుకూల తీర్పులు 65 శాతం దాకా ఉండి, తర్వాతి విరామం దగ్గరపడేకొద్దీ దాదాపు సున్నాకు పడిపోయాయని అందులో తేలింది. ఖైదీల వరస యాదృచ్ఛికం కాదనీ, లాయర్ లేనివాళ్లు చివర్లో వచ్చేవారనీ, తేడాలో కొంత దానివల్లేననీ మరికొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. మన విషయానికి ఆ అభ్యంతరమే ఎక్కువ పనికొస్తుంది. వరసను ఎవరు, ఎందుకు అలా పేర్చారన్నది తెలియకపోతే, చివర వచ్చినవాళ్లకు అన్యాయం అలసటవల్ల జరిగిందో, పేర్చినతీరువల్ల జరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఇక రాత్రి షిఫ్టు ఆరుగురు. డ్యూటీ దిగాక ఎనిమిదింటి దాకా ఆగమనడం, లేదా సాయంత్రం క్యాబ్ వచ్చే ముందే వచ్చేయమనడం మామూలుగా చేసే పని. రెండూ వాళ్ల నిద్రలోంచో, ఇంటి సమయంలోంచో కోసుకునేవే. పగటివాళ్ల మీటింగ్ పని గంటల్లో జరుగుతున్నప్పుడు వాళ్లదీ పని గంటల్లోనే జరగాలి. అందుకని మేనేజర్ రెండు రాత్రులు ఉండిపోతాడు. మొదటి వారం మంగళవారం ముగ్గురితో, రెండో వారం బుధవారం ముగ్గురితో. రాత్రి 9:15కు మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది కనుక ఆ రోజుల్లో పగటి మీటింగులు ఉండవు. మర్నాడు ఉదయం కూడా ఉండవు, మధ్యాహ్నం 3:30కు ఒకటి, 5 గంటలకు ఒకటి మాత్రమే. మిగిలిన ఆరు రోజుల్లో 10:30, 12:00, 3:30కు మూడేసి. మొత్తం పగటి స్లాట్లు 22, పగటి మనుషులు 18.

ఇక్కడ అమెరికాలో మేనేజర్ ఉన్నవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది. డల్లాస్‌లో ఉదయం 8:30 అంటే అంతకు ముందు మనకు రాత్రి 8, ఆ తర్వాత రాత్రి 7. మొదటి వారం సరిగ్గా కలిసిన మనిషి రెండో వారం గంట ఆలస్యంగా చేరితే తప్పు అతనిది కాదు. ఆహ్వానంలో రెండు ఊళ్ల సమయాలూ రాయడం ఒక్కటే దీనికి మందు.

స్లాట్లు తయారయ్యాయి. వాటిని పంచే పని మేనేజర్‌ది కాదు. హెచ్ఆర్ నుంచో, ఆఫీసు అడ్మిన్ నుంచో ఒక మనిషి చూసుకోవాలి. ఆ మనిషి అందరికీ ఒకే షీట్ పంపి మూడు రోజుల గడువు ఇస్తాడు. అందులో ఎవరు ముందు నింపారన్న దానికి విలువ లేదు. ఒక్కొక్కరూ రెండే విషయాలు చెప్పాలి: ఏ స్లాట్లు అసలు కుదరవు, కుదిరేవాటిలో ఏ మూడు ఇష్టం. ఎందుకు కుదరదన్నది అడగకూడదు. తల్లికి డయాలసిస్ అనో, తనకు ఫలానా చికిత్స అనో అందరూ చూసే షీట్‌లో రాయాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

అయితే దీనికి ఒక కంత ఉంది. తనకు నచ్చిన ఒక్క స్లాట్ తప్ప మిగతావన్నీ కుదరవని గుర్తు పెట్టేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉంటారు. పద్ధతి తెలిసిన మొదటి ఏడాదే కనిపెట్టేస్తారు. సగానికి మించి స్లాట్లు కుదరవంటే షీట్‌లో ఊరికే గుర్తు పెట్టడం చాలదు, పంచే మనిషితో విడిగా ఒక మాట చెప్పాలి అని నిబంధన పెడితే నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లు వచ్చి చెబుతారు. మిగతావాళ్లు గుర్తులు తగ్గించుకుంటారు.

షీట్లు వచ్చాక చీట్లు వేయడానికి తొందరపడకూడదు. ముందు ఒక కాగితం మీద మనుషులను అడ్డంగా, స్లాట్లను నిలువుగా గీసి చూడాలి. మన విభాగంలో నలుగురు చెన్నైలో క్లయింట్ దగ్గర ఉన్నారు, రెండో వారం గురువారం రాత్రికి గానీ తిరిగిరారు. అంటే వాళ్లకు శుక్రవారం ఒక్కటే దారి. శుక్రవారం ఉన్నవి మూడు స్లాట్లు. నలుగురు మనుషులు, మూడు కుర్చీలు. ఎన్నిసార్లు చీట్లు తీసినా ఒకరు నిలబడాల్సిందే. ఈ సంగతి ముందే కనబడితే శుక్రవారం 5 గంటలకు ఒక స్లాట్ కలుపుతారు. ఆ ఒక్కరోజూ మేనేజర్‌కు ముగ్గురి హద్దు దాటుతుంది, తప్పదు. కనబడకపోతే చీట్లన్నీ అయ్యాక నాలుగో మనిషి కోసం మరొకరిని లేపాలి, ఆ మరొకరి కోసం ఇంకొకరిని. న్యాయంగా మొదలైన పంపకం బతిమాలుకోవడంగా ముగిసేది ఇక్కడే.

శుక్రవారం నలుగురికీ పోయింది. ఇక 14 మందికి 19 స్లాట్లు. మిగిలే ఐదు ఎటూ మిగులుతాయి కదా అని వదిలేస్తే, చివరికి ఎవరూ కోరుకోనివే మిగులుతాయి. తర్వాత ఎవరికైనా జ్వరం వచ్చి మార్చాల్సి వస్తే ఆ మనిషికి చెత్త టైమే దక్కుతుంది. అందుకని ఐదింటినీ ముందే పక్కన పెట్టాలి. మొదటి వారం శుక్రవారం 12:00 ఒకటి, రెండో సోమవారం 3:30, మంగళవారం 10:30, మళ్లీ మంగళవారమే 3:30, గురువారం 5:00. వాయిదా ఎప్పుడూ వెనక్కే పడుతుంది కనుక నాలుగు రెండో వారంలోనే పెట్టాం. గురువారం 5 గంటల స్లాట్‌ను అవసరమైతే రాత్రి 9:15కు జరిపి రాత్రి షిఫ్టువాళ్లకు వాడుకోవచ్చు.

ఇప్పుడు 14 మందికి సరిగ్గా 14 స్లాట్లు. వీరిలో ఇద్దరు పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవాలి, మధ్యాహ్నం స్లాట్లు కుదరవు. వాళ్లకు పనికొచ్చేవి 10:30, 12:00 మాత్రమే, మొత్తం ఎనిమిది. ముగ్గురికి రోజూ 10:30కు క్లయింట్ కాల్ ఉంటుంది. అందరికీ కలిపి ఒకే లాటరీ తీసి, బడి పిల్లల తల్లికి పదమూడో నంబర్ వస్తే ఆమె వంతు వచ్చేసరికి ఎనిమిది ఉదయం స్లాట్లూ అయిపోయి ఉండొచ్చు. కనుక దారులు తక్కువున్న ఆ ఇద్దరికీ ముందు, తర్వాత కాల్ ఉన్న ముగ్గురికి, ఆ తర్వాత మిగతా తొమ్మిది మందికి. ప్రతి గుంపులోనూ ఎవరు ముందన్నది చీటీయే తేలుస్తుంది. ముందు వచ్చిన చీటీవాళ్లకు తమ మూడు ఇష్టాల్లో ఖాళీగా ఉన్న మొదటిది దక్కుతుంది, అవేవీ లేకపోతే కుదిరేవాటిలో ఒకటి. రాత్రి షిఫ్టు ఆరుగురికి, శుక్రవారం నలుగురికి కూడా లోపల్లోపల ఇదే పద్ధతి.

ఈ పంపకం ముగిసేసరికి చివరి చీటీ మనిషికి మొదటి బుధవారం 5 గంటలు మిగులుతుంది. అతను సణుగుతాడు. సణగడంలో తప్పులేదు. అతని పేరు ఒక కాగితం మీద రాసి దాచాలి. వచ్చే ఏడాది అతని చీటీ డబ్బాలోకి వెళ్లదు, తన గుంపులో మొదటి పేరు అతనిదే.

చీట్లు నిజంగానే డబ్బాలో వేసి ఇద్దరు ముగ్గురి ఎదుట తీయొచ్చు. అదే నాకు నచ్చిన పద్ధతి, ఎవరూ అనుమానించరు. కంప్యూటర్‌లో చేసేవాళ్లు ప్రతి పేరు పక్కన `=RAND()` అని కొట్టి, వచ్చిన అంకెల ప్రకారం పేర్లు పేరుస్తారు. ఇందులో ఒక చిన్న గొయ్యి ఉంది. షీట్‌లో ఎక్కడ ఏ మార్పు చేసినా ఆ అంకెలన్నీ మళ్లీ మారిపోతాయి. పేర్చాక చూస్తే పేరు పక్కన అంకె పేర్చినప్పటిది కాదు. రేపు ఎవరైనా వచ్చి నా నంబర్ చూపించండి అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని అంకెలు రాగానే వాటిని కాపీ చేసి, అక్కడే విలువలుగా మాత్రమే అతికించాలి. ఆ తర్వాతే పేర్చాలి.

స్లాట్లు వచ్చాక ఇద్దరు తమలో తాము మార్చుకుంటామంటే మార్చుకోనివ్వాలి, మీటింగ్‌కు రెండు రోజుల ముందు వరకు. కానీ పంచిన మనిషికి చెప్పి. జూనియర్ దగ్గర సీనియర్ "నీ పొద్దుటి స్లాట్ నాకిచ్చెయ్ తమ్ముడూ" అంటే తమ్ముడు కాదనగలడా? మధ్యలో ఒక మనిషి ఉంటే ఆ మొహమాటం కొంత తగ్గుతుంది.

టైము న్యాయంగా పంచినా తెలియకుండా దూరే అన్యాయం ఇంకొకటుంది, దాన్ని చాలామంది గమనించరు. మొదటి సోమవారం వంతు వచ్చినవాళ్లకు తయారవడానికి రెండు మూడు రోజులే ఉంటే, రెండో శుక్రవారం వాళ్లకు రెండు వారాలు. పైగా ముందు వెళ్లొచ్చినవాళ్లు బయటికి రాగానే "ఏమడిగారు?" అని చుట్టూ చేరతారు. చివరివాళ్లు ప్రశ్నపత్రం చూసి పరీక్ష రాసినట్టే. దీనికి రెండు కట్లు వేయొచ్చు. అందరి ఫామ్‌లకూ ఒకే గడువు, మొదటి మీటింగ్‌కు ముందటి శుక్రవారం సాయంత్రం ఆరు. మీటింగ్ ఆఖరి రోజైనా సరే. రెండోది, అడగబోయే ప్రశ్నలు అందరికీ ముందే తెలియజేయడం. మేనేజర్ కూడా ఆ శనివారం, ఆదివారంలోపు 24 మందికీ తన తొలి అభిప్రాయం రాసి పెట్టుకుంటే, పన్నెండో మనిషిని పదకొండో మనిషితో పోల్చే ప్రమాదం తగ్గుతుంది.

తయారీ సూచనల్లో సాధారణంగా కనబడేది "సిద్ధమై రండి" అనే మాట. దేనికి సిద్ధం? దాన్ని చదివిన వాళ్లలో సగం మంది ఏమీ రాయరు, ఒకరు తొమ్మిది పేజీలు రాసుకొస్తారు. పనికొచ్చే నోటీసు ఇలా ఉంటుంది:

"మీ మీటింగ్ గురువారం మధ్యాహ్నం 12 నుంచి 12:45 వరకు, రెండో అంతస్తులో చిన్న గదిలో. మీరు, మేనేజర్ ఇద్దరే ఉంటారు. ఫామ్ ఒక పేజీ దాటకూడదు. అందులో నాలుగు సంగతులు రాయండి. ఈ ఏడాది మీరు చేసిన పనుల్లో చెప్పుకోదగ్గవి మూడు, ప్రతిదానికీ ఒక రుజువు, అది క్లయింట్ మెయిల్ కావచ్చు, టికెట్ నంబర్ కావచ్చు. అనుకున్నట్టు జరగని పని ఒకటి, దానికి కారణం. పనిలో మీకు అడ్డుపడుతున్నది ఒకటి. వచ్చే ఏడాది మీరు నేర్చుకోవాలనుకుంటున్నది ఒకటి. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా ఫర్వాలేదు. మేనేజర్ రాసిన అభిప్రాయం మీటింగ్‌కు ఒక రోజు ముందు మీకు అందుతుంది. రేటింగ్ ఈ మీటింగ్‌లో ఖరారు కాదు. జీతం గురించి మాట ఇక్కడ ఉండదు, దానికి వేరే రోజు ఉంటుంది."

ఆఖరి రెండు వాక్యాలే అన్నిటికన్నా ముఖ్యం. వాటిని రాయడానికే ఆఫీసులు వెనకాడతాయి. రేటింగ్ పైవాళ్లు ముందే తేల్చేసి ఉంటే ఆ మాటే రాయాలి. తేలిపోయినదాన్ని తేలనట్టు చూపించి 45 నిమిషాలు మాట్లాడిస్తే మరుసటి ఏడాది ఎవరూ నోరు విప్పరు. జీతం మాటను వేరుచేయడం కొత్త సంగతి కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జరిపిన అధ్యయనాన్ని మేయర్, కే, ఫ్రెంచ్ అనే ముగ్గురు 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. ఒకే కూర్పులో మేనేజర్ తీర్పరిగానూ, నేర్పే మనిషిగానూ ఉండటం పొసగదనీ, విమర్శ పెరిగేకొద్దీ ఉద్యోగి వినడం మాని తనను కాపాడుకునే పనిలో పడతాడనీ వాళ్లు తేల్చారు. జీతం వస్తుందేమోనన్న ఎదురుచూపులో ఉన్న మనిషి చెవికి నేర్చుకోవాల్సిన సంగతులు ఎక్కవు. అది ఎవరికి తెలియదు గనుక?

గది విషయంలో ఒక జాగ్రత్త. చాలా ఆఫీసుల్లో చిన్న గదులకు గాజు గోడలు. మనిషి ముఖం బయటివాళ్లకు కనబడేలా కూర్చోబెడితే, లోపలి మాట ఒక్కటీ వినబడకపోయినా విషయం బయటికి పొక్కుతుంది. ఉద్యోగిని గాజుకు వీపు పెట్టి కూర్చోనివ్వాలి. ఆఫీసంతా చూసే క్యాలెండర్‌లో మీటింగ్ వివరాలు దాచిపెట్టే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టడం మరచిపోకూడదు.

ఇంత చేశాక పద్ధతి ఎక్కడ తెగుతుందంటే, ఎక్కువసార్లు మేనేజర్ దగ్గరే. క్లయింట్ నుంచి ఫోన్ వస్తుంది, పై ఆఫీసర్ పిలుస్తాడు, "నీది రేపు చూద్దాంలే" అంటాడు. ఈ రేపు ఎవరికి పడుతుందో గమనించండి. అడగని మనిషికే పడుతుంది. గట్టిగా మాట్లాడేవాళ్ల మీటింగ్ వాయిదా వేయడానికి మేనేజర్లు కాస్త జంకుతారు. అందుకని నిబంధన ముందే రాసుకోవాలి. మేనేజర్ వల్ల తప్పిపోతే, పక్కన పెట్టిన ఐదు స్లాట్లలో ఇంకా రానివాటిలో ఏది కావాలో ఆ ఉద్యోగే ఎంచుకుంటాడు. ఒకరి మీటింగ్ ఒక్కసారే వాయిదా పడాలి, రెండోసారి పడాల్సి వస్తే మేనేజర్ పైవాళ్లకు చెప్పి వేయాలి.

పంచిన మనిషి పని రెండో శుక్రవారంతో అయిపోదు. ప్రతి మీటింగ్ నిజంగా ఎన్ని నిమిషాలు నడిచిందో చూసుకోవాలి. ఉదయం స్లాట్లు గంట దాటి, 5 గంటల స్లాట్లు 20 నిమిషాలకే ముగుస్తుంటే, షీట్ మీద సమానంగా కనబడ్డ టైము మనుషులకు సమానంగా అందలేదన్నమాట. అప్పుడు వచ్చే ఏడాది 5 గంటల స్లాట్ తీసేసి, రెండు వారాలను పదకొండు పనిదినాలు చేయమని అడగాలి. ఆ అడిగే కాగితంతోపాటే మొదటి ఇష్టం ఎవరికి దక్కింది, మూడింట్లో ఏదీ ఎవరికి దక్కలేదు, ఎవరి మీటింగ్ ఎవరివల్ల వాయిదా పడింది అన్న జాబితా కూడా హెచ్ఆర్ ఫైల్లోకి వెళ్లాలి. వచ్చే మార్చికి మేనేజర్ మారొచ్చు, పంచే మనిషీ మారొచ్చు. ఆ జాబితా లేకపోతే చివరి చీటీ మనిషికి ఇచ్చిన మాట ఎవరికీ గుర్తుండదు.